బెట్టింగ్ ఏజెంటు మీ బ్యాంకు ఖాతా అద్దెకిమ్మంటే: ఎలా తప్పుకోవాలి, ఇచ్చేసి ఉంటే ఎలా బయటపడాలి

"ఏటి గురూ, నీ అకౌంట్ ఊరికే పడుంది కదా. నెలకి పది వేలిస్తాను. నువ్వు చేసేదేం లేదు, మ్యాచ్‌లున్న రోజుల్లో డబ్బులొస్తాయి, పోతాయి, అంతే." గాజువాకలో రూమ్మేటు అన్నా, మద్దిలపాలెం హాస్టల్లో సీనియర్ అన్నా, టెలిగ్రామ్‌లో ముక్కూ మొహం తెలియనివాడు అన్నా మాట ఇంచుమించు ఇదే. అడిగేవాడు చాలాసార్లు తెలిసినవాడే అవుతాడు. ఎందుకంటే ఏజెంటు తాను తిరగడు, ఖాతాకింత అని కమీషన్ ఇచ్చి మీ స్నేహితుణ్ణే తిప్పుతాడు. ఆ స్నేహితుడికి కూడా అసలు వ్యవహారం పూర్తిగా తెలియకపోవచ్చు.

ఇలా వేరేవాళ్ల డబ్బు దాటించడానికి వాడే ఖాతాని పోలీసులూ బ్యాంకులూ మ్యూల్ అకౌంట్ అంటారు. అది ఎలా వాడబడుతుందో, ఎందుకు ఫ్రీజ్ అవుతుందో ముందు అర్థమైతే, తర్వాత వేయాల్సిన అడుగులు వాటంతటవే తెలుస్తాయి.

మొదటి అడుగు: వాడు ఏమడుగుతున్నాడో చూడండి

మీ ఖాతాలో డబ్బు వేయడానికి ఎవరికైనా అకౌంట్ నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉంటే చాలు. యూపీఐ ఐడీ ఉంటే అది కూడా అక్కర్లేదు. ఏటీఎం కార్డు, పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, బ్యాంకుకి ఇచ్చిన సిమ్ కావాల్సింది డబ్బు తీయడానికి. ఎదుటివాడు కబురు ఏ రంగులో చెప్పినా సరే, ఈ రెండో రకం వస్తువుల్లో ఒక్కటి అడిగాడంటే వాడికి కావాల్సింది మీ ఖాతా మీద అధికారం. పాస్‌బుక్, చెక్కుబుక్, కార్డు, సిమ్ అన్నీ కలిపి ఒక కవర్లో పెట్టి ఇవ్వమంటారు. వాళ్ల భాషలో దాని పేరు కిట్.

సిమ్ ఇవ్వనంటే ఇంకో దారి పడతారు. వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు, మెసేజ్‌లు చదివే అనుమతి ఇమ్మంటారు. అప్పుడు సిమ్ మీ ఫోన్లోనే ఉంటుంది, ఓటీపీలు మాత్రం వాళ్లకి వెళ్తాయి. రెంటికీ తేడా లేదు.

కొన్నాళ్లుగా సేవింగ్స్ ఖాతా కంటే కరెంట్ ఖాతా మీద మోజు ఎక్కువైంది, దాంట్లో పెద్ద మొత్తాలు తిరిగినా వెంటనే అనుమానం రాదని. అందుకే "నీ పేరున చిన్న షాపు పెట్టినట్టు ఉద్యం రిజిస్ట్రేషన్ చేయిస్తాం, అద్దె అగ్రిమెంటు మేమే రాయిస్తాం, నువ్వు బ్యాంకులో సంతకం పెడితే చాలు" అంటారు. ఇది ఇంకా ప్రమాదం. సేవింగ్స్ ఖాతా ఇచ్చినవాడు మోసపోయానని చెప్పుకునే వీలు కాస్తయినా ఉంటుంది. లేని షాపు ఉందని బ్యాంకుకి కాగితం ఇచ్చినవాడి మీద ఆ కాగితమే సాక్ష్యం.

"ఇది గేమింగ్ డబ్బే, ఫ్రాడ్ కాదు" అన్న మాట సంగతి

ఖాతా ఇచ్చేవాళ్లలో చాలామంది ఈ ఒక్క మాటకి పడతారు. బెట్టింగ్ తప్పే కానీ, ఎవరినో దోచుకున్న డబ్బు కాదు కదా అని సర్దిచెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2020లో గేమింగ్ చట్టానికి చేసిన సవరణతోనే నిషిద్ధం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అలాంటి ఆటలకి డబ్బు లావాదేవీలు జరపడాన్ని కూడా నేరం చేసింది. అయినా ఆ సంగతి పక్కన పెడదాం. అసలు విషయం వేరే ఉంది: బెట్టింగ్ డబ్బూ మోసం డబ్బూ వేర్వేరు కాలవల్లో పారవు.

బెట్టింగ్ సైట్‌లో డిపాజిట్ నొక్కితే ఒక అకౌంట్ నంబరో, యూపీఐ ఐడీయో కనబడుతుంది. కాసేపయ్యాక మళ్లీ నొక్కితే ఇంకొకటి వస్తుంది. వెనకాల ఉన్నది మీలాంటి వాళ్లిచ్చిన ఖాతాల వరస. ఈ ఖాతాలు సమకూర్చేవాడు వాటిని ఒక్క బెట్టింగ్ వాళ్లకే ఇస్తాడని ఏమీ లేదు. షేర్ ట్రేడింగ్ పేరుతో, పార్ట్‌టైమ్ పని పేరుతో, డిజిటల్ అరెస్టు పేరుతో జనాన్ని దోచే ముఠాలకి కూడా ఖాతాలు కావాలి, వాళ్లు ఎక్కువ కమీషన్ ఇస్తారు. పైగా దోచిన డబ్బుని బెట్టింగ్ సైట్‌లో డిపాజిట్‌గా వేసి, గెలిచినట్టు బయటికి తీసుకోవడం ఆ ముఠాలకి అలవాటైన పద్ధతి. కాబట్టి ఏజెంటు నిజంగా బెట్టింగ్ మాత్రమే నడుపుతున్నా, మీ ఖాతాలోకి వచ్చే ఏ రూపాయి ఎక్కడిదో వాడికే తెలియదు.

అదీగాక బెట్టింగ్‌లో పోగొట్టుకున్నవాడు ఊరుకోడు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే వాడు కూడా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి మోసపోయానంటాడు. ఫిర్యాదులో వాడు రాసేది ఏజెంటు పేరు కాదు. వాడికి అది తెలియదు. తాను డబ్బు వేసిన అకౌంట్ నంబరు రాస్తాడు. అది మీది.

ఒక రాత్రి లెక్క

ఊహించిన ఉదాహరణే, కానీ అంకెలు నడిచే తీరు మాత్రం నిజమే. కూర్మన్నపాలెంలో ఉంటూ నెలకి 18,000 జీతం తెచ్చుకునే కుర్రాడు ఒకడు తన జీతం ఖాతా కిట్ ఏజెంటుకి ఇచ్చాడు. అప్పటికి ఖాతాలో 4,100 రూపాయలున్నాయి.

ఆదివారం రాత్రి మ్యాచ్. ఎనిమిది నుంచి పదకొండు మధ్య 62 మంది పందెగాళ్ల దగ్గర్నుంచి చిన్న చిన్న మొత్తాలుగా 88,000 పడ్డాయి. తొమ్మిదిన్నరకి సూరత్‌లోని ఒక ఖాతా నుంచి ఒకేసారి 1,50,000 వచ్చింది. అది నాగపూర్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగి నకిలీ ట్రేడింగ్ యాప్‌లో పోగొట్టుకున్న నాలుగు లక్షల్లో భాగం. వచ్చిన మొత్తం 2,38,000. అర్ధరాత్రి లోపు అందులో 2,36,000 బయటికి వెళ్లిపోయింది: నాలుగు వేరే ఖాతాలకి 2,31,000, అద్దె అడ్వాన్సుగా కుర్రాడి అమ్మ ఖాతాకి 5,000. మిగిలింది 6,100.

సోమవారం ఉదయం నాగపూర్ పెద్దాయన 1930కి ఫోన్ చేశాడు. ఫిర్యాదు కేంద్ర హోంశాఖ కిందున్న సైబర్ క్రైమ్ పోర్టల్లోకి ఎక్కింది. ఆయన బ్యాంకు డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో పోర్టల్లో చూపిస్తుంది, ఆ ఖాతా బ్యాంకు తన దగ్గర్నుంచి ఎటు పోయిందో చూపిస్తుంది. అలా ఒక్కో మజిలీని ఒక్కో లేయర్ అంటారు. సూరత్ ఖాతా మొదటి లేయర్, మన కుర్రాడిది రెండోది, అక్కణ్ణుంచి డబ్బు వెళ్లిన ఖాతాలు మూడోది. ప్రతి లేయర్‌లోనూ తన దాకా వచ్చిన వివాదపు మొత్తం మేరకు బ్యాంకు హోల్డ్ పెడుతుంది.

కుర్రాడి ఖాతా మీద 1,50,000కి లియన్ పడింది, అంటే అంత మొత్తాన్ని కదలనీయకుండా పట్టి ఉంచే హోల్డ్. ఉన్నది 6,100. యాప్‌లో వాడుకోదగ్గ బ్యాలెన్స్ మైనస్ 1,43,900 అని చూపిస్తుంది. ఒకటో తారీఖున జీతం 18,000 పడింది, మైనస్ 1,25,900 అయింది. ఒక్క రూపాయి తీయడానికి లేదు. వారం తర్వాత కోయంబత్తూరు నుంచి ఇంకో ఫిర్యాదు, 40,000కి. ఇప్పుడు లియన్ 1,90,000, బ్యాలెన్స్ మైనస్ 1,65,900. ఆ వారంలోనే బైక్ ఈఎంఐ బౌన్స్ అయింది, దానికి బ్యాంకు జరిమానా ఒకటి, ఫైనాన్స్ కంపెనీ జరిమానా ఇంకొకటి.

అమ్మ సంగతి చూడండి. ఆమె ఖాతాకి వచ్చిన 5,000 కూడా వివాదపు డబ్బు వచ్చిన తర్వాత అదే ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి మూడో లేయర్ అయింది. డ్వాక్రా డబ్బులు పడే ఖాతా మీద 5,000కి హోల్డ్. ఆమెకి బెట్టింగ్ అంటే ఏమిటో కూడా తెలియదు.

ఏజెంటు పేరు ఈ గొలుసులో ఎక్కడా లేదు. అతని ఖాతా లేదు, సిమ్ లేదు. వాడు కిట్ పారేసి, ఇంకో కిట్ తీసుకుంటాడు.

ఫిర్యాదు రాకపోయినా ఇది ఎక్కువ రోజులు నడిచేది కాదు. నెలకి నాలుగైదు లావాదేవీలుండే ఖాతాలో ఒక్క రాత్రిలో అరవై జమలు పడి, వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతే బ్యాంకు నిఘా వ్యవస్థ దాన్ని పట్టుకుంటుంది. బ్యాంకే ఖాతా ఆపి, కేవైసీ కోసం బ్రాంచికి రమ్మంటుంది. నెలకి పది వేలన్న బేరంలో రెండో నెల పది వేలు చేతికొచ్చేది అరుదు.

రెండో అడుగు: కాదని ఎలా చెప్పాలి

పొడుగ్గా వాదించక్కర్లేదు. "బ్యాంకు వాళ్లు సంతకం పెట్టించుకున్నారు బాబూ, అకౌంట్ వేరేవాళ్లకి ఇస్తే నా మీదే కేసట" అంటే చాలు. అందులో అబద్ధం కూడా లేదు. అన్నయ్యో మావయ్యో అయితే "కావాలంటే చేతిలో ఉన్నదిస్తాను గానీ అకౌంట్ ఇవ్వను" అనండి, బంధుత్వం దెబ్బతినదు.

అప్పుడు వాళ్లు వేసే చిన్న ఎత్తులు కొన్నుంటాయి. "పాస్‌బుక్ ఫొటో ఒకటి పంపు, పనికొస్తుందో లేదో చూస్తాం" అంటారు. పంపొద్దు. "రూపాయి వేసి చూస్తాం" అంటారు. ఆ రూపాయితో మీ ఖాతా బతికే ఉందో లేదో, పేరు సరిపోతుందో లేదో చూసుకుంటారు. ఒద్దనండి. అప్పటికే ఆధార్ ఫొటో పంపేసి ఉంటే, సంచార్ సాథి సైట్‌లో మీ పేరున ఏయే మొబైల్ నంబర్లున్నాయో చూసుకుని, మీవి కానివాటిని అక్కడే రిపోర్ట్ చేయండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ పెట్టండి.

ఒక్కోసారి మీరు ఒప్పుకోకముందే ఐదు వేలో పది వేలో మీ ఖాతాలో వేసేసి, "అడ్వాన్స్ పడింది కదా, వద్దనుకుంటే ఈ నంబరుకి తిరిగి పంపించెయ్" అంటారు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వచ్చిన ఖాతా ఒకటి, పంపమన్న ఖాతా ఇంకొకటి. మీరు పంపిన క్షణంలో ఆ డబ్బుని స్వయంగా దాటించినవాళ్లవుతారు. దాన్ని ముట్టుకోవద్దు. అదే రోజు బ్రాంచికి రాసివ్వండి: ఫలానా తేదీ, ఫలానా యూటీఆర్ నంబరుతో, అంటే ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరుతో, నాకు సంబంధం లేని మొత్తం జమైంది, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపండి అని. రాసిచ్చిన కాగితం నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.

మూడో అడుగు: ఇచ్చేసి ఉంటే, ఇంకా ఫ్రీజ్ కాకపోతే

ఇక్కడ వరస ముఖ్యం. ముందుగా ఏజెంటుకి ఫోన్ చేసి "నా కిట్ తిరిగిచ్చెయ్" అనాలనిపిస్తుంది. అలా అంటే వాడు ఆ రాత్రే ఖాతాని పిండేసి, చాట్లు డిలీట్ చేసేస్తాడు. చెప్పకుండా మొదలుపెట్టండి.

మొదట బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి, నెట్ బ్యాంకింగ్, మొబైల్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి, ఖాతాదారుగా నేనే అడుగుతున్నాను, డెబిట్ ఆపండి అని చెప్పండి. ఆ కాల్ నంబరూ, వాళ్లిచ్చిన సర్వీస్ రిక్వెస్ట్ నంబరూ రాసుకోండి. నంబరు మీ సొంత నంబరే అయ్యుండి సిమ్ వాళ్ల దగ్గరుంటే, ఆధార్ తీసుకుని టెలికాం స్టోరుకి వెళ్లి డూప్లికేట్ సిమ్ తీసుకోండి. కొత్త సిమ్ పనిచేయగానే పాతది చచ్చిపోతుంది. కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు, కంగారు పడొద్దు. మోసాలు జరక్కుండా పెట్టిన నిబంధనే అది, ఈ సందర్భంలో మీకు మేలే. ఏపీకే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్ నుంచి సిమ్ తీసేసి, ఇంటర్నెట్ ఆపేయండి. ఆ యాప్ పేరు, దానికిచ్చిన అనుమతులు కనబడేలా ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఫోన్‌ని వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టొద్దు. మీ తరఫున మాట్లాడగల సాక్ష్యం అందులోనే ఉంటుంది.

ఖాతాలో డబ్బు మిగిలి ఉంటే దాన్ని తీయొద్దు, ఇంకో ఖాతాకి మార్చొద్దు. "నా జీతం కూడా అందులోనే ఉంది కదా" అనిపించినా సరే. పోలీసులు మీ బ్యాంకు స్టేట్‌మెంట్ తిరగేసినప్పుడు, ఏజెంటు తీసినవాటికీ మీరు తీసినదానికీ తేడా కాగితం మీద కనబడదు.

తర్వాత ఖాతా ఇచ్చిన రోజు నుంచి నేటి దాకా స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తీసుకోండి. వాట్సాప్, టెలిగ్రామ్ చాట్లు ఎదుటివాడి నంబరూ తేదీలూ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, రెండు చోట్ల దాచండి. సిగ్గుతోనో భయంతోనో వాటిని చెరిపేసేవాళ్లు ఎక్కువ. చెరిపేస్తే ఏజెంటు అనేవాడొకడున్నాడని చూపించే ఆధారమే పోతుంది, మిగిలేది మీ పేరు మాత్రమే.

పోలీసుల దగ్గరికి వెళ్లడం తప్పనిసరే, కానీ వెళ్లే ముందు ఒక్కసారి లాయర్‌తో మాట్లాడండి. మీరు రాసిచ్చే ప్రతి వాక్యం మీ మీద కూడా చదవబడుతుంది. లాయర్‌కి ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100. ఆ తర్వాత విశాఖ సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌లో గానీ, మీ పరిధిలోని స్టేషన్‌లో గానీ, cybercrime.gov.in లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. అందులో ఎవరు అడిగారు, ఎప్పుడు ఏమిచ్చారు, ఎంత తీసుకున్నారు అన్నవి దాచకుండా ఉండాలి. డబ్బు తీసుకున్న సంగతి మింగేసి "కార్డు పోయింది" అని రాయడం అందరికీ తట్టే ఆలోచనే. స్టేట్‌మెంట్‌లో పిన్‌తో జరిగిన విత్‌డ్రాయల్స్, అమ్మ ఖాతాకి వెళ్లిన ఐదు వేలు దాన్ని ఒక్క నిమిషంలో కూల్చేస్తాయి.

ఇలా ముందుగా చెప్పుకున్నంత మాత్రాన కేసు ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ మొదటి ఫిర్యాదు రాకముందు తేదీతో మీ కాగితం ఉండడం వేరు, నోటీసు వచ్చాక "నాకు తెలియదండీ" అనడం వేరు.

నాలుగో అడుగు: ఫ్రీజ్ పడ్డాక

ముందు ఎలాంటి ఫ్రీజో తెలుసుకోండి. లియన్ అయితే ఒక నిర్దిష్ట మొత్తం మాత్రమే ఆగుతుంది, దానికి పైన ఉన్నది వాడుకోవచ్చు. డెబిట్ ఫ్రీజ్ అయితే డబ్బు లోపలికి వస్తుంది, బయటికి పోదు. టోటల్ ఫ్రీజ్ అయితే రెండూ ఉండవు. కౌంటర్ దగ్గర "సైబర్ వాళ్లు ఆపేశారు, మాకేం తెలీదు" అంటే వెనక్కి రావొద్దు. మేనేజర్ పేరున అర్జీ రాసి ఇవి అడగండి: పోర్టల్ ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, వివాదపు లావాదేవీ తేదీ, మొత్తం, యూటీఆర్, ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, దర్యాప్తు అధికారి ఈమెయిల్. ఒకటి కంటే ఎక్కువ ఫిర్యాదులుంటే అన్నిటికీ విడివిడిగా. ఇది లేకుండా ఇంకెక్కడికి వెళ్లినా పని జరగదు. బ్రాంచి ఇవ్వకపోతే అదే అర్జీ బ్యాంకు నోడల్ అధికారికి మెయిల్ చేయండి.

బ్యాంకు తనంతట తాను పెట్టిన ఆపుదల అయితే బ్యాంకే తీయగలదు. పోలీసు ఫిర్యాదు వల్ల పడినదైతే బ్రాంచి మేనేజర్ కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. మీరున్నది విశాఖలో, ఫిర్యాదు నాగపూర్‌లో. విశాఖ పోలీసులు నాగపూర్ ఫ్రీజ్ ఎత్తలేరు.

దర్యాప్తు అధికారికి మెయిల్ రాసేటప్పుడు కథ కాదు, లావాదేవీలు రాయండి. స్టేట్‌మెంట్ ప్రింటు మీద ప్రతి వరసకీ ఎదురుగా ఇది జీతం, ఇది ఇంటద్దె, ఇది నాకు తెలియదు అని గుర్తు పెట్టండి. జీతానికి పే స్లిప్పు జతచేయండి. వివాదపు మొత్తం మేరకే హోల్డ్ ఉంచి, మిగతాది వదలమని అడగండి. మొత్తం ఖాతా కాకుండా అనుమానపు మొత్తాన్నే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది, తర్వాత వేరే హైకోర్టులూ అదే దారిలో నడిచాయి. బెట్టింగ్ సంగతి తెలియకుండా ఏదో సరుకు అమ్మి డబ్బు తీసుకున్న దుకాణదారుకి ఈ వాదన బాగా పనిచేస్తుంది. పైన చెప్పిన అమ్మకి కూడా. కిట్ అద్దెకిచ్చినవాడికి అంతగా పనిచేయదు. వాడి ఖాతాలో వచ్చినదంతా అనుమానపు డబ్బే మరి.

అధికారి ఒప్పుకుంటే ఎత్తివేత ఉత్తర్వు తన అధికారిక మెయిల్ నుంచి నేరుగా బ్యాంకుకి పంపుతారు. మీ చేతికిచ్చిన కాగితాన్ని చూసి బ్యాంకు ఖాతా తెరవదు. ఒప్పుకోకపోతే ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేట్ దగ్గర కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 503 సెక్షన్ కింద లాయర్ ద్వారా దరఖాస్తు వేయాలి. అంటే నాగపూర్ ఫిర్యాదుకి నాగపూర్‌లో, కోయంబత్తూరు ఫిర్యాదుకి కోయంబత్తూరులో. రెండు చోట్లా తేలాకే ఖాతా పూర్తిగా తెరుచుకుంటుంది. అద్దె తీసుకున్న పది వేలు ఒక రైలు ప్రయాణానికీ, ఒక లాయర్ ఫీజుకీ కూడా చాలవు.

ఈ దశలో ఇంకో రకం మనుషులు తగులుతారు. "ఇరవై వేలివ్వు, మూడు రోజుల్లో అన్‌ఫ్రీజ్ చేయిస్తాం, సైబర్‌లో మనవాడున్నాడు" అంటారు. ఖాతా తెరవడానికి అభ్యంతరం లేదని పోలీసులు రాసినట్టుండే నకిలీ ఎన్‌ఓసీ మెయిల్ కూడా చూపిస్తారు. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. దర్యాప్తు అధికారి పేరుతో ఫోన్ చేసి యూపీఐలో డబ్బు అడిగేవాడు దర్యాప్తు అధికారి కాడు.

నోటీసు వస్తే

మీద ఉన్న సెక్షన్ నంబరు చూడండి. బీఎన్‌ఎస్‌ఎస్ 94 అయితే పత్రాలు ఇమ్మంటున్నారు. 179 అయితే సాక్షిగా పిలుస్తున్నారు. 35(3) అయితే మిమ్మల్ని నిందితుడిగా అనుమానిస్తున్నారు. దానికి చెప్పిన రోజున హాజరై, అడిగినవాటికి సహకరిస్తే, కారణాలు రాసి పెట్టనిదే అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది. దూరం వల్లో అనారోగ్యం వల్లో వెళ్లలేకపోతే తేదీ మార్చమని ముందే లిఖితపూర్వకంగా అడగండి, వీడియో కాల్‌లో విచారించమని కూడా అడగొచ్చు.

35 సెక్షన్ నోటీసుని వాట్సాప్‌లో పంపితే సరిపోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా వచ్చినదాన్ని పట్టించుకోకుండా ఉండొద్దు. ఆ రాష్ట్ర పోలీసు అధికారిక సైట్‌లో ఉన్న స్టేషన్ నంబరుకి మీరే ఫోన్ చేసి, క్రైమ్ నంబరు చెప్పి నిజమో కాదో కనుక్కోండి. నోటీసులో ఉన్న ఫోన్ నంబరుకి కాదు.

కేసు పెడితే సాధారణంగా కనబడే సెక్షన్లు రెండు: మోసానికి కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 318(4), ఏడేళ్ల దాకా శిక్ష, కంప్యూటర్ ద్వారా వేషం మార్చి మోసగించినందుకు ఐటీ చట్టం 66డి, మూడేళ్ల దాకా. మీరు నేరుగా ఎవరినీ మోసగించకపోయినా, తెలిసి సహకరించారా అన్నదే ప్రశ్న. సిమ్మూ పిన్నూ అప్పగించి, పనేమీ చేయకుండా నెలనెలా డబ్బు తీసుకోవడం అన్నది ఆ ప్రశ్నకి మీకు వ్యతిరేకంగా వచ్చే బలమైన జవాబు.

ఈలోగా ఇల్లు గడవడానికి

ఫ్రీజ్ తేలడానికి నెలలు పడుతుంది. అందుకే లియన్ కనబడిన రోజే చేయాల్సిన పని ఒకటుంది: వేరే బ్యాంకులో ఖాతా చూసుకోవడం. అదే బ్యాంకులో మీకున్న ఇంకో ఖాతా పనికిరాకపోవచ్చు, కస్టమర్ నంబరు ఒకటే కాబట్టి దాన్నీ ఆపే అవకాశముంది. కొత్త బ్యాంకులో ఖాతా తెరవడానికి ఇబ్బంది పెడితే, ఇదివరకే ఉండి వాడకుండా వదిలేసిన ఖాతా ఏదైనా ఉందేమో చూడండి, కేవైసీ ఇచ్చి తెరిపించుకోండి. జీతం ఇరవయ్యో తారీఖు లోపు ఆ ఖాతాకి మార్చమని ఆఫీసులో రాసివ్వండి. నెలాఖరున ఇస్తే ఆ నెల జీతం కూడా పాత ఖాతాలోకే వెళ్లి ఇరుక్కుంటుంది. ఈఎంఐ మాండేట్ మార్చడానికి ఫైనాన్స్ కంపెనీకి కొన్ని రోజులు పడుతుంది, మారే దాకా వాయిదాని వాళ్ల యాప్‌లోనో ఆఫీసులోనో నేరుగా కట్టి రసీదు తీసుకోండి. గ్యాస్ సబ్సిడీ, స్కాలర్‌షిప్, ఇతర ప్రభుత్వ పథకాల డబ్బు ఆధార్‌కి చివరగా లింకైన బ్యాంకుకి వెళ్తుంది, కాబట్టి కొత్త బ్రాంచిలో ఆధార్ సీడింగ్ ఫారం విడిగా నింపి ఇవ్వాలి. ఖాతా తెరిచినంత మాత్రాన అది దానంతటదే మారదు.